డెబ్బై మూడు క్లిప్పులు

అందరికీ నమస్తే. పెళ్లిళ్లు, పండుగలు షూట్ చేసే చిన్న టీములు మన వరంగల్ల చానా ఉన్నయి, మాది గూడ గట్ల ముగ్గురి టీమే. ఇయ్యాల ఒక్క ముచ్చటే చెప్తా, టైం తక్కువుంది.

2024ల సద్దుల బతుకమ్మ, అక్టోబర్ 10. హన్మకొండ వేయి స్తంభాల గుడి కాడ ఒకే కంపెనీవి రెండు కెమెరాలు పెట్టినం. రెండిట్లనూ కార్డు ఫార్మాట్ చేస్తే నంబర్లు మళ్లా C0001 నుంచే మొదలయ్యే సెట్టింగ్ ఉంది. నా కెమెరాల 42 క్లిప్పులు, తమ్ముడి దాంట్ల 31. అర్ధరాత్రి తమ్ముడు రెండు కార్డులూ ఒకటే ఫోల్డర్ల వేసిండు, గీ పేరుతోటి ఫైల్ ముందే ఉంది మార్చమంటవా అని కంప్యూటర్ అడిగితే నిద్రల మార్చు అని నొక్కిండు. పొద్దున ఇంకో పెళ్లి ఉందని నేను కార్డులు ఫార్మాట్ కొట్టిన. ఎడిటింగుకు కూసున్న అక్క అడిగింది, అరే, ఆడోళ్లు తంగేడు, గునుగు పేర్చిన బతుకమ్మలు నెత్తిన పెట్టుకొని వచ్చేది ఏదిరా అని. ఫోల్డర్ల 73 ఉండాలె, 42 ఏ ఉన్నయి. నా మొదటి 31 క్లిప్పుల మీద తమ్ముడివి కూసున్నయి. ఆ రాత్రి మళ్లా వస్తదా, ఇప్పటికీ మనసుల కలుక్కుమంటది.

అప్పటి సంది ఒక్కో కార్డుకు ఒక్కో ఫోల్డర్. పనికి పెద్ద ఫోల్డర్ పేరు 2024-10-10_Bathukamma, ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత రోజు, గట్లైతే కంప్యూటర్ల అన్నీ తేదీల వరుసలనే నిలవడ్తయి. దాని లోపల ఫుటేజ్, ఆడియో, ప్రాజెక్ట్, ఎక్స్‌పోర్ట్. ఫుటేజ్ల CamA_Card01, CamB_Card01, ఆడియోల రికార్డర్ కార్డుకు గూడ అట్లనే. కార్డుల ఉన్నదంతా ఉన్నట్టే కాపీ చెయ్యాలె, క్లిప్పుల పేర్లు మార్చొద్దు. ఎడిటింగ్ మొదలైనంక ఫోల్డర్ పేరు గూడ ముట్టొద్దు, ముట్టినమంటే సాఫ్ట్‌వేర్ ఫైల్ దొరకట్లేదని ఎర్ర తెర చూపిస్తది, మళ్లా ఒక్కొక్కటి ఏడుందో చూపియ్యాలె. ప్రాజెక్ట్ ఫైలుకు ఫైనల్, కొత్త ఫైనల్ అని పెట్టుకుంటే ఏది ఆఖరుదో ఎవ్వలికీ తెల్వది, v01, v02 అని పెట్టుర్రి. ఆ సున్నా మర్వకుర్రి, సున్నా లేకుంటే కొన్ని తావుల v10 పొయ్యి v2 కంటే ముందు కూసుంటది.

ఇంక కార్డు ఫార్మాట్ కొట్టేముందు లెక్క వెట్టుడు. కార్డుల ఎన్ని ఫైళ్లు, ఎంత సైజు, ఫోల్డర్ల ఎన్ని, ఎంత, రెండూ ఒక్కటే ఉండాలె. దాంతోని లోపలి వీడియో బాగున్నట్టు కాదు, అందుకే మొదటిదీ చివరిదీ ఆడిచ్చి చూస్తం, రెండో డిస్కుల గూడ ఒక కాపీ వేస్తం. షూట్ అయిన కార్డు మీద ఎర్ర టేపు ముక్క అతికిస్తం. కాపీ చేసినోడు కాకుండ ఇంకొకలు లెక్క చూస్తరు, చూసినోళ్లే టేపు తీస్తరు. టేపు ఉన్న కార్డు కెమెరాల పెట్టం, పెళ్లి బాజా మోగుతున్నా సరే.