ఆరు నుంచి ఎనిమిది స్లాట్‌లో ఎన్ని కేకులు పడతాయి?

అందరికీ నమస్కారం. ఇవాళ ముఖ్యంగా కేకుల డెలివరీలో ఒక్క స్లాట్ గురించే మాట్లాడుకుందాం. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది. పుట్టినరోజు కేకులన్నీ వచ్చి దాని మీదే పడతాయి.

మన విశాఖ ద్వారకానగర్‌లో ఒక బేకరీ ఉందనుకోండి. డెలివరీకి సొంత కుర్రాళ్లు ఇద్దరు, చెరో బండి. వెబ్‌సైట్‌లో ఈ స్లాట్‌కి పన్నెండు ఆర్డర్లని పరిమితి పెట్టారు. ఆ పన్నెండు ఎక్కణ్ణుంచి వచ్చిందని అడిగితే, ‘మొన్న శనివారం పన్నెండు ఇచ్చేశాం కదండీ’ అంటారు. మొన్నటివన్నీ సిరిపురం, అసీల్‌మెట్ట, సీతమ్మధార ఆర్డర్లు. ఇవాళ్టి పన్నెండులో మూడు మధురవాడకి, ఒకటి గాజువాకకి. అంకె అదే, పని మాత్రం రెండింతలు.

అందుకే స్లాట్‌ని బండి నిమిషాల్లో కొలవాలి. ఇద్దరు కుర్రాళ్లు, రెండు గంటలు: 240 నిమిషాలు. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్‌తో మాటలు, ఎత్తని ఫోన్లు, పెట్రోలు... వీటికి నలభై తీసేయండి. అమ్ముకోడానికి మిగిలింది 200. బండి మీద సంచీలో కేకు బాక్సులు రెండుకి మించి పెట్టనివ్వకండి. మూడోది పైన పెడితే కింద దాని మూత వంగి, రాసిన పేరు మూతకి అంటుకుపోతుంది. దగ్గర పేటల్లో రెండు కేకులిచ్చి తిరిగి రావడానికి నలభై నిమిషాలు అనుకుంటే, ఒక్కో ఆర్డరుకి ఇరవై. మధురవాడ వెళ్లి రావడానికి సాయంత్రం ట్రాఫిక్‌లో వంద అనుకుందాం. గాజువాకకీ అంతే.

ఇప్పుడు లెక్క చూడండి. అన్నీ దగ్గరవైతే పది ఆర్డర్లు పడతాయి. మధురవాడ ఒకటి వస్తే, దగ్గరవి ఐదే. మధురవాడ ఒకటి, గాజువాక ఒకటి వచ్చాయంటే ఆ రెంటితోనే స్లాట్ అయిపోయింది, ఎందుకంటే అవి ఊరికి చెరో కొసన ఉన్నాయి. అదే మధురవాడకి రెండో ఆర్డరు వస్తే, అదే ట్రిప్పులో పోతుంది కాబట్టి ఇంకో పదిహేను నిమిషాలు చాలు. కాబట్టి ఒక స్లాట్‌కి ఒకే దూరపు దిక్కు తెరవండి. ముందు ఏ దిక్కు ఆర్డరు వస్తే ఆ దిక్కు ఉంటుంది, రెండోది ఆ స్లాట్‌లో కనబడకూడదు. అందుకని చిరునామా గానీ పిన్‌కోడ్ గానీ ముందు అడిగి, తర్వాతే స్లాట్లు చూపించాలి. చాలా సైట్లలో ఇది తిరగేసి ఉంటుంది.

ఇక వంటగది. ఓవెన్ దగ్గర ఇబ్బంది రావడం అరుదు, స్పాంజ్ పొద్దున్నే కాల్చి పెట్టుకుంటారు. ఆగిపోయేది ఐసింగ్ టేబుల్ దగ్గర. మాస్టర్ ఒక్కడే అయి, ఒక్కో కేకుకి పావుగంట పడితే, గంటకి నాలుగు. పైగా ఆ పని ఆరు నుంచి ఎనిమిది మధ్య జరిగేది కాదు. క్రీమ్ పట్టుకోవడానికి ఫ్రిజ్‌లో కనీసం గంటైనా ఉండాలి కాబట్టి, ఆరు గంటలకి బయల్దేరే కేకు ఐదింటికల్లా టేబుల్ దిగాలి. అంటే ఒక ఆర్డరు రెండు ఖాతాల్లోంచి తీసుకుంటుంది: బండి ఖాతాలో ఆరు తర్వాతి నిమిషాలు, టేబుల్ ఖాతాలో మూడు-నాలుగు గంటల ప్రాంతంలోని నిమిషాలు. రెంట్లో ఏది నిండినా స్లాట్ మూయాలి. ఆర్డరు రద్దయినప్పుడు ఈ తేడా బాగా తెలుస్తుంది. బండి నిమిషాలు వెనక్కి వస్తాయి. కేకు మీద అప్పటికే పేరు రాసేశారంటే టేబుల్ నిమిషాలు రావు. రెండూ కలిపి తిరిగిచ్చే సాఫ్ట్‌వేర్ లేని చోటు అమ్మేస్తుంది.

మన ఊరికి సంబంధించిన చిన్న మాట. ఫాండెంట్ కేకుని ఫ్రిజ్‌లోంచి తీసి మన సముద్రపు గాలిలో పెడితే చెమట పట్టి రంగు కారుతుంది. పాల క్రీమ్ కేకుది దానికి పూర్తిగా వ్యతిరేకం, మే నెలలో జెల్ ప్యాక్ లేకుండా వంద నిమిషాల ట్రిప్పు తట్టుకోదు. అందుకని ఎండాకాలంలో మధురవాడ వైపు పాల క్రీమ్ కేకుల్ని సాయంత్రం ఏడు తర్వాతి స్లాట్‌లోనే ఇవ్వడం మంచిది.

రాత్రి పన్నెండు గంటల కేకు సంగతి వేరు. సైట్‌లో పదకొండు నుంచి పన్నెండు అని గంట స్లాట్ పెడతారు. కొన్న ప్రతివాళ్లూ పదకొండు యాభైకి కావాలంటారు. పన్నెండూ పదికి వెళ్తే తిట్లే. పేరుకి గంట, నిజానికి పదిహేను నిమిషాల స్లాట్ అది. ఇద్దరు కుర్రాళ్లకి చెరో కేకు, అంతే. పక్కపక్క వీధులైతే ఇంకోటి. ఎక్కువ అమ్మాలంటే ‘పదకొండుంబావుకే వచ్చేయొచ్చు, ఫ్రిజ్‌లో పెట్టుకోండి’ అని డబ్బు కట్టక ముందే రాసి చూపించండి. ఒప్పుకున్నవాళ్లకే ఆ స్లాట్ ఇవ్వండి.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్ లోపల జరిగే తప్పు. ఆఖరి ఇరవై నిమిషాలు మిగిలాయి. ఇద్దరు ఒకేసారి ఫోన్‌లో చూస్తున్నారు, ఇద్దరికీ ఖాళీ ఉన్నట్టే కనబడింది, ఇద్దరూ కట్టేశారు. ముందు చదివి, ఖాళీ ఉందా అని చూసి, తర్వాత రాసే ప్రోగ్రాంలో ఇలా జరగక మానదు. చూడడం, రాయడం ఒకే ఆదేశంలో ఉండాలి:

```sql
UPDATE slots
SET used_min = used_min + 20
WHERE id = 41
  AND closed = false
  AND used_min + 20 <= cap_min;
```

ఒక వరుస మారిందని జవాబు వస్తే చోటు దొరికినట్టు. సున్నా వస్తే నిండిపోయినట్టు, లేదా మూసేసినట్టు. ఇది కస్టమర్ డబ్బు కట్టే పేజీకి వెళ్లేముందే జరగాలి. ఆ చోటుని పది నిమిషాలు పట్టి ఉంచి, కట్టకపోతే వదిలేయండి. యూపీఐలో డబ్బు పన్నెండో నిమిషానికి వచ్చిందనుకోండి. అప్పుడు అదే ఆదేశం మళ్లీ నడిపి చూడాలి. చోటు దొరక్కపోతే ఆర్డరు ఖాయం చేయకుండా ఫోన్ చేసి, తర్వాతి స్లాట్ కావాలా, డబ్బు వాపసు కావాలా అని అడగాలి.

ఇంకో తప్పు గడియారంది. ఆరు గంటల స్లాట్‌కి ఆర్డర్లు మధ్యాహ్నం రెండింటికి ఆపాలని పెట్టారు. సర్వర్ గడియారం UTC లో ఉంది. దానికి రెండు అయ్యేసరికి మనకి రాత్రి ఏడున్నర. అప్పటిదాకా స్లాట్ తెరిచే ఉంటుంది. ఐదింటికి కూడా ఆర్డర్లు వచ్చి పడుతున్నాయంటే ముందు దీన్నే అనుమానించండి. దుకాణం టైమ్‌జోన్ `Asia/Kolkata` అని పెట్టాలి.

మనం అనుకున్న ఇరవై, వంద సరైనవో కావో రెండు వారాల్లో తెలిసిపోతుంది. ప్రతి ఆర్డరుకీ దుకాణం దాటిన సమయం, చేతికిచ్చిన సమయం రాయించండి. ఆలస్యమైన కేకు దుకాణంలోంచే ఆలస్యంగా బయల్దేరితే, ముందు టేబుల్ నిమిషాలు చూడండి. టైముకి బయల్దేరి ఆలస్యంగా చేరితే ఆ పేట నిమిషాలు తక్కువ వేశారు. మాస్టర్‌ని, కుర్రాణ్ణి తిట్టే ముందు ఈ రెండు గడులు చూస్తే సగం గొడవ తగ్గుతుంది.

ఏడాదిలో కొన్ని రోజులకి ఏ నిమిషాలూ పనికిరావు. ఆషాఢ పౌర్ణమి ముందు రోజు మొదలయ్యే సింహాచలం గిరి ప్రదక్షిణ. ముప్పై రెండు కిలోమీటర్లు జనమే. హనుమంతవాక, అప్పూఘర్, ఎంవీపీ కాలనీ, సీతమ్మధార, ఎన్‌ఏడీ, అంతా నడిచేవాళ్లే. ఆ రోజు పరిమితి తగ్గిస్తే సరిపోదు. ఆ పేటల స్లాట్లు నెల ముందే మూసేసి, కౌంటర్‌కి వచ్చి తీసుకెళ్లే స్లాట్ ఒకటి తెరవండి. దానికి బండి నిమిషాలు సున్నా, టేబుల్ నిమిషాలు మాత్రం మామూలే.