పర్లాకిమిడి బజారుకి నేనల్లిన క్రోషే సంచి: నాలుగు నెలలు మోసాక రివ్యూ

నమస్తే అండీ. పర్లాకిమిడి నుంచి మాట్లాడుతున్నాను. నా చేతిలో ఉన్న ఈ సంచి చూడండి. కాటన్ నూలుతో అల్లింది, లోపల గుడ్డ వేసింది. నాలుగు నెలలుగా మా అత్తమ్మగారూ నేనూ దీన్నే బజారుకి తీసుకెళ్తున్నాం. వంకాయలు, ములక్కాడలు, రెండు కిలోల ఉల్లిపాయలు, ఒక్కోసారి పనసకాయ ముక్క కూడా ఇందులోనే వస్తాయి. బరువు ఐదు కిలోలు దాటిన రోజులూ ఉన్నాయి.

దీని కన్నా ముందు రెండు సంచులు అల్లాను, రెండూ సాగిపోయాయి. వాటినీ పక్కన పెట్టుకున్నాను, ఎందుకు సాగాయో చూపిస్తాను.

మొదటిది ఈ వల సంచి. చైనులూ డబుల్ క్రోషేలూ వేసి జాలీలాగా అల్లాను. అల్లినప్పుడు ఎత్తు 36 సెంటీమీటర్లు. ఒక్కసారి బంగాళాదుంపలు, ఉల్లిపాయలు వేసి ఇంటికి తెచ్చేసరికి మోకాలి దాకా వేలాడింది. పచ్చిమిరపకాయలు తొడిమలతో సహా బయటికొచ్చేశాయి. మనకి క్రోషే అంటే నరసాపురం లేసే గుర్తొస్తుంది కదా, ఆ లేసులో అందమంతా ఖాళీల్లోనే ఉంటుంది. సంచికి ఆ ఖాళీలే చేటు. కాటన్ నూలుకి ఉన్నిలాగా సాగి మళ్లీ వెనక్కి వచ్చే గుణం చాలా తక్కువ. కుట్టు పొడవుగా ఉండి పక్కన ఖాళీ ఉంటే, బరువు పడగానే ఆ కుట్లన్నీ సన్నబడి దగ్గరికి జరిగి కిందికి సాగుతాయి. సంచి సన్నగా, పొడుగ్గా అయిపోతుంది. ఉతికితే కొంచెం దగ్గరపడుతుంది గానీ మళ్లీ బరువు వేస్తే అదే కథ.

అందుకని పొట్టి కుట్టు కావాలి, పక్కన జరగడానికి చోటు ఉండకూడదు. సింగిల్ క్రోషే సరిపోతుంది. ఒక్క మాట, బ్రిటిష్ ప్యాటర్న్ చూసి అల్లేవాళ్లు జాగ్రత్త, అక్కడ ఇదే కుట్టుని డబుల్ క్రోషే అని రాస్తారు.

సింగిల్ క్రోషేని ఇంకా బిగుతుగా వేసే పద్ధతి ఒకటి మా పక్కింటి మావుసీ చూపించింది. ఆవిడ ఒడియావిడ, తెలుగు మనకన్నా స్పష్టంగా మాట్లాడుతుంది. సూదిని కుట్టులో దూర్చాక మామూలుగా నూలుని సూది మీద నుంచి చుట్టి లాగుతాం కదా. అలా కాకుండా సూదినే నూలు మీదికి తీసుకెళ్లి, కొక్కెంతో నూలుని పట్టి లాగాలి. తర్వాత సూది మీదున్న రెండు పోగుల్లోంచి తీసేటప్పుడు మాత్రం మామూలుగానే నూలు చుట్టుకోవాలి. దగ్గరగా చూడండి, ఈ పాత సంచి మీద కుట్లు వి ఆకారంలో ఉన్నాయి. కొత్తదాని మీద ఇంటూ గుర్తులాగా ఉన్నాయి. ఇది బొమ్మలు అల్లేవాళ్లు ఎక్కువగా వాడే కుట్టు, లోపలి దూది కనబడకుండా.

నేను తీసుకున్నది ఎనిమిది ప్లై కాటన్ నూలు. ఉండ మీద నాలుగు మిల్లీమీటర్ల సూది అని రాసి ఉంది. నేను మూడున్నర వాడాను. ఇంకా బిగుతు కావాలని మొదట రెండున్నరతో ఒక ముక్క అల్లి చూశాను. అది అట్టలాగా వచ్చింది, వంగదు. సూది దూర్చడానికే మణికట్టు నొప్పి పుట్టింది. అంత అవసరం లేదు. నా పరీక్ష ఏంటంటే, ముక్కని చేత్తో కొంచెం లాగి పట్టుకుని అగ్గిపుల్ల పెట్టండి. దానంతటది జారిపోతే అల్లిక వదులు. నెడితే తప్ప వెళ్లకపోతే సరైన సాంద్రత. మూడున్నర సూదితో నాకు పది సెంటీమీటర్లకి 20 కుట్లు, 22 వరుసలు వచ్చాయి.

ఆ లెక్కతో అడుగు భాగం అల్లాను. 41 చైనులు వేసి, రెండో చైను నుంచి మొదలుపెట్టి, చైనుకి రెండు వైపులా చుట్టూ సింగిల్ క్రోషే. రెండు కొసల్లోనూ ఒకే చైనులో మూడేసి కుట్లు. మొదటి చుట్టుకి మొత్తం 82 కుట్లు వస్తాయి. ఆ తర్వాత ప్రతి చుట్టుకీ ఈ కొసన మూడు, ఆ కొసన మూడు పెంచుతూ పోతే పదకొండో చుట్టుకి 142. అప్పటికి అడుగు దాదాపు 30 సెంటీమీటర్ల పొడవు, 10 వెడల్పు ఉన్న కోడిగుడ్డు ఆకారంలో వస్తుంది. అక్కడి నుంచి పెంచకుండా 142 మీదే డెబ్భై చుట్లు పైకి. ఎత్తు 32 సెంటీమీటర్లు. నూలు 100 గ్రాముల ఉండలు నాలుగు కొంటే మూడున్నర దాకా పట్టింది. సాయంత్రాలు మాత్రమే కూర్చుంటే మూడు వారాలు.

ఇక రెండో సంచి. ఇది కూడా సింగిల్ క్రోషేనే, దట్టంగానే ఉంది. లోపల గుడ్డ కూడా వేయించాను. అయినా సాగింది. చాలా బాధేసింది. నెల తిరక్కుండా ఎత్తు 32 నుంచి 37 అయింది, పట్టీలైతే 50 నుంచి 62. ఎందుకా అని కుట్లు విప్పి చూశాను. లైనింగ్ కుట్టించిన టైలర్ గుడ్డని సంచి కన్నా రెండు సెంటీమీటర్లు పెద్దగా కత్తిరించాడు. లోపల చేయి తిరగడానికి వీలుగా వదులు ఉంచానన్నాడు. ఆ వదులే తప్పు. లోపలి గుడ్డ వదులుగా వేలాడుతుంటే సామాన్ల బరువు ముందు అల్లిక మీద పడుతుంది. అల్లిక రెండు సెంటీమీటర్లు సాగాక గానీ గుడ్డ బిగుసుకోదు. పట్టీలు కూడా ఒట్టి అల్లికవే, వాటి లోపల ఆసరా ఏమీ లేదు.

నేత గుడ్డలో పోగులు నిలువుగా, అడ్డంగా తిన్నగా పోతాయి కాబట్టి లాగినా దాదాపు సాగదు. అందుకే బరువు ఆ గుడ్డే మోయాలి, అల్లిక దాని మీద తొడుగులాగా ఉండాలి. ఈ మూడో సంచి అలా చేసిందే.

ముందు అల్లిన సంచిని ఉతికి, ఆకారం సరిచేసి నీడలో పూర్తిగా ఆరబెట్టాను. కాటన్ నూలు మొదటి ఉతుకులో కొంచెం కుదించుకుంటుంది, కాబట్టి కొలతలు ఆ తర్వాతే తీయాలి. లోపలికి గాడా గుడ్డ తీసుకున్నాను. కొత్త గాడా బాగా ముడుచుకుంటుంది, రాత్రంతా నీళ్లలో నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేశాకే కత్తెర పెట్టాలి. ఆ పని వదిలేస్తే మొదటిసారి ఉతికినప్పుడు లోపలి గుడ్డ సంచినంతా ముడతలు పెట్టేస్తుంది.

గుడ్డ ఎత్తు సంచి కన్నా ఒక సెంటీమీటర్ తక్కువ ఉండాలి. నా సంచి 32, కాబట్టి లైనింగ్ 31. దానికి అడుగు వెడల్పులో సగం 5, కింద కుట్టుకి 1, పైన మడతకి 2, మొత్తం 39. అడ్డం కూడా ఇలాగే. సంచి చుట్టుకొలత 71 సెంటీమీటర్లు వచ్చింది, లైనింగ్‌కి 70 పెట్టాను. అంటే రెండు ముక్కలు, ఒక్కొక్కటి 37 వెడల్పు, పక్క కుట్లకి వదిలింది కలిపి. అడుగు మూలల్ని త్రికోణంలా మడిచి, 10 సెంటీమీటర్ల వెడల్పు వచ్చే చోట అడ్డంగా కుడితే అడుగు పెట్టెలాగా కూర్చుంటుంది.

పక్కలు కుట్టే ముందే నవారు వేసేయాలి. నవారు మంచానికి వాడే కాటన్ పట్టీ లాంటిదే, సన్నది, రెండున్నర సెంటీమీటర్ల వెడల్పుది. మనకి పక్కనే పాతపట్నం కదా, అక్కడ కొన్నాను. రెండు గుడ్డ ముక్కల్నీ అడుగున మాత్రం కలిపి కుట్టి, పొడుగ్గా పరిచాను. నవారు ఆ అడుగు మధ్య నుంచి మొదలై ముందు వైపు పైకి వెళ్తుంది, పట్టీగా బయటికొచ్చి, మళ్లీ ముందు వైపే కిందికి దిగుతుంది. అడుగు కింద నుంచి వెనక వైపుకి వెళ్లి అక్కడ కూడా పట్టీగా తిరిగి, మొదలైన చోటికి వచ్చి కలుస్తుంది. మధ్యలో ఎక్కడా తెగకుండా ఒకే చుట్టు. నాకు రెండున్నర మీటర్లు పట్టింది. నిలువు పట్టీల మధ్య 14 సెంటీమీటర్ల దూరం ఉంచి, రెండు అంచుల వెంటా మిషన్ కుట్టు వేశాను. పైన పట్టీ బయటికొచ్చే చోట చదరంగా కుట్టి, మధ్యలో ఇంటూ వేశాను. ఇప్పుడు పట్టుకుని లేపితే సామాను ఉయ్యాలలో ఉన్నట్టు నవారు మీద కూర్చుంటుంది.

బయటికి కనిపించే పట్టీ మీద అల్లిక తొడుగు వేశాను. 12 కుట్ల వెడల్పు పట్టీ అల్లి నవారు చుట్టూ మడిచి కుట్టాను. నవారు 50 ఉంటే తొడుగు 46 మాత్రమే అల్లి, లాగి కుట్టాలి. సమానంగా అల్లితే వారం తిరిగేసరికి వదులై ముడతలు పడుతుంది. పట్టీల చోటు గుర్తు పెట్టేటప్పుడు చుట్టు మొదలైన కుట్టు నుంచి లెక్కపెట్టకండి. చుట్టూ ఒకే దిక్కులో అల్లుతాం కాబట్టి కుట్లు నెమ్మదిగా పక్కకి వాలుతాయి, కింద మధ్యలో ఉన్న కుట్టు పైకొచ్చేసరికి పక్కకి పోతుంది. సంచిని బల్ల మీద చదునుగా పరిచి, లైనింగ్‌ని లోపల సరిగ్గా కూర్చోబెట్టి, పిన్నులు పెట్టాకే చేత్తో బ్యాక్ స్టిచ్ వేయండి. పై అంచుకి ఒక వరుస కింద కుడితే గుడ్డ బయటికి కనబడదు.

ఇదిగో టేపు. ఎత్తు 33. నాలుగు నెలలకి ఒక్క సెంటీమీటర్. పట్టీలు 50 ఉండేవి, అలాగే 50 ఉన్నాయి.

నాకు ఇబ్బందిగా ఉన్నవీ చెప్తాను. ఖాళీ సంచే అరకిలో దాకా ఉంటుంది. మడిచి పర్సులో పెట్టుకునేది కాదు. ఉతికితే వానాకాలంలో రెండు రోజులైనా ఆరదు, లోపలి వైపు బయటికి తిప్పి ఆరేయాలి, పట్టీలకి వేలాడదీయకూడదు. తడి బరువంతా అల్లిక మీద పడుతుంది అప్పుడు. ఎండు చేపలకి వేరే సంచే తీసుకెళ్తున్నాం, కాటన్ వాసన పట్టుకుంటుంది.

అల్లికలో నేను చేసిన తప్పు ఒకటుంది, అడుగు అంచు దగ్గర చూడండి. అడుగు నుంచి గోడకి తిరిగే చోట మడత చక్కగా రావాలని ఒక చుట్టు వెనక పోగులో మాత్రమే వేశాను. రెండు పోగులు మోయాల్సింది ఒక్క పోగే మోస్తోంది కాబట్టి ఇక్కడ చిన్న చిన్న కన్నాలు తెరుచుకున్నాయి. లోపల గుడ్డ ఉంది కాబట్టి ఏమీ జారిపోలేదు. బయట వదిలేసిన ముందు పోగులు ఇంకా అలాగే ఉన్నాయి కదా, వాటిల్లోంచి చుట్టూ స్లిప్ స్టిచ్ వేస్తూ వస్తున్నాను. ఈ వైపు సగం అయింది, కన్నాలు మూసుకుపోయాయి చూడండి. మిగిలిన సగం ఈ రాత్రి వేసేస్తాను, రేపు పొద్దున్నే అత్తమ్మగారికి సంచి కావాలి.