ధర్మానికి రాయి బిడ్డా

శ్రోతలకు నమస్కారం.

నేను దేవరకొండలో వకీలుని. మొన్న ఎండాకాలంలో ఒక పెద్దాయన వీలునామా రాయించుకోవడానికి మా ఇంటికొచ్చాడు. కొడుకులకు ఇవ్వాల్సింది ముందే ఇచ్చేశాడు. ఊరి బాట పక్కన రెండెకరాలు తన పేరున మిగిలింది. "ఆ రెండెకరాలు ధర్మానికి రాయి బిడ్డా" అన్నాడు.

ధర్మానికి. ఆ మాట వినగానే నా కలం ఆగింది. ఎందుకు ఆగిందో చెప్పాలంటే నూటపాతికేళ్లు వెనక్కి పోవాలి.

బొంబాయి నుంచి ఒక వీలునామా తగాదా లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్‌దాకా పోయింది. మన దేశంలోని కేసులకు అప్పుడు అదే ఆఖరి కోర్టు. చనిపోయినాయన తన ఆస్తిలో కొంత 'ధరమ్'కు చెందాలని రాశాడు. మన ధర్మమే అది. 1899లో తీర్పు వచ్చింది. జడ్జీలు విల్సన్ అనే ఇంగ్లీషాయన కూర్చిన నిఘంటువు తీసి చూశారు. ధరమ్ అంటే చట్టం, సద్గుణం, చట్టం ప్రకారమో నీతి ప్రకారమో చేయాల్సిన విధి అని అందులో ఉంది. సద్గుణానికి ఆస్తి రాస్తే అది ఎవరికి అందాలి? విధికి డబ్బిస్తే దేని మీద ఖర్చు పెట్టాలి? ఇంత అస్పష్టమైన దాన్ని అదుపులో ఉంచడం కోర్టుకు సాధ్యం కాదన్నారు. ఆ ఏర్పాటు చెల్లదన్నారు.

వాళ్ల భయంలో కొంత నిజం ఉంది. పని ఏదో రాయకపోతే ఆస్తి చేతిలో పెట్టుకున్నవాడు ఏమైనా చేయొచ్చు, అడిగే దారి ఉండదు. కానీ ఆ తీర్పు చదివినప్పుడల్లా నాకు బాధగానే ఉంటుంది. ఆస్తి ధర్మానికి ఇస్తున్నా అన్న మనిషి మనసులో సద్గుణం అనే అర్థం ఉంటుందా? దానం ఉంటుంది. అన్నం పెట్టడం, నీళ్లు పోయడం ఉంటుంది.

మన తెలుగులో చూడండి. ధర్మం చెయ్యి తల్లీ అంటే భిక్ష వెయ్యమని. పెద్దమనిషీ, నువ్వే ధర్మం చెప్పు అంటే తీర్పు చెప్పమని. ధర్మం తప్పిండు అంటే చేయాల్సింది చేయలేదని. ఒక్కటే మాట. చెయ్యి, చెప్పు, తప్పు, ఈ క్రియలే దాని అర్థాన్ని తేల్చేస్తాయి. మిర్యాలగూడ దారిలో ధాన్యం లారీని ధర్మకాంటా ఎక్కించేటప్పుడు అది తూకమని డ్రైవర్‌కు ఎవరూ చెప్పక్కర్లేదు. ఇంగ్లీషు నిఘంటువు ఈ మాటను క్రియ నుంచి విడదీసి ఒంటరిగా నిలబెట్టింది. డ్యూటీ అంది, వర్చ్యూ అంది. ఇవ్వడం అనే అర్థం అక్కడే జారిపోయింది.

ఎనభై ఏళ్ల తర్వాత, 1979లో, మన సుప్రీంకోర్టు ముందుకు దీని చుట్టం లాంటి మాట వచ్చింది. బిజిలీ కాటన్ మిల్స్ అనే కంపెనీ సరుకు అమ్మినప్పుడు బిల్లులో 'ధర్మాదా' అని కొంత సొమ్ము విడిగా వసూలు చేసేది. అది కంపెనీ ఆదాయమా, దాని మీద పన్ను కట్టాలా అన్నది తగాదా. వ్యాపారుల ఆచారంలో ధర్మాదా అంటే దానధర్మాలకు తీసిపెట్టిన సొమ్మేనని కోర్టు ఒప్పుకుంది, ఆదాయం కాదంది. ఈసారి వాడుకనే అడిగారు. అయినా వీలునామాలో ధర్మానికి అని మాత్రమే రాసి వదిలేస్తే పాత తీర్పు అడ్డొచ్చే ప్రమాదం ఇప్పటికీ ఉంది.

అందుకే పెద్దాయనను అడిగాను. "ధర్మానికి అంటే ఏం పనికి తాతా?"

ఆయన నన్ను వింతగా చూశాడు. "గది గూడ అడగాల్నా బిడ్డా? ఎండల బాట మీద పోయేటోళ్లకు చలివేంద్రం. గొడ్లకు నీళ్ల తొట్టి."

"ఎవరు జరిపించాలి?"

"నా చిన్న బిడ్డ. ఆమె తర్వాత ఆమె కొడుకు."

"ఖర్చు?"

"ఆ రెండెకరాలు కౌలుకియ్యాలె. వచ్చిన పైసలతోనే."

అదే రాశాను. ఏ సర్వే నంబరు, ఏ బాట, ఏ నెల నుంచి ఏ నెలదాకా, ఎవరి చేతి మీదుగా, అన్నీ రాశాను. ఇద్దరు సాక్షులను పిలిపించాం. వీలునామాకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, ఇద్దరు సాక్షుల సంతకాలు మాత్రం తప్పనిసరి. మీ ఇంట్లో ఎవరైనా ధర్మానికి అని రాసి పెట్టుకుని ఉంటే ఆ కాగితం ఒకసారి తీసి చూడండి. పని పేరు, జరిపించే మనిషి పేరు లేకపోతే వాళ్లు బతికుండగానే మళ్లీ రాయించండి.

పెద్దాయనకు మొత్తం చదివి వినిపించాను. మళ్లీ చదవమన్నాడు. రెండోసారి అయ్యాక, "అన్నీ ఉన్నయి గాని, ధర్మం అన్న మాటేది?" అన్నాడు.

చలివేంద్రం అన్న మాటకు ముందు 'ధర్మార్థం' అని చేర్చాను. అప్పుడు వేలిముద్ర వేశాడు.