వడ్డన దగ్గర ఎవరికైనా గొంతుకు అడ్డం పడితే

(ఫంక్షన్ హాళ్లలో వడ్డన చేసే క్యాటరింగ్ సిబ్బందికి ఇచ్చిన ప్రథమ చికిత్స ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. మధ్యాహ్నం వడ్డన ముగించుకుని వచ్చారు, సాయంత్రం మళ్లీ రిసెప్షన్ ఉంది. అందుకని ఒక్క విషయమే మాట్లాడుకుందాం: తింటూ తింటూ పెద్దవాళ్లకెవరికైనా గొంతుకు అడ్డం పడితే ఏం చేయాలి? ఏడాది లోపు పసిపిల్లలకు పద్ధతి వేరు, దాన్ని ఇందులో కలపను.

మీరు రోజూ చూసేది పొలమారడం. మనిషి ఖళ్లుఖళ్లుమని దగ్గుతాడు, కళ్ల నీళ్లు వస్తాయి, పక్కనున్నావిడ నెత్తిన తట్టి "ఎవరో తలుచుకుంటున్నారు" అంటుంది. అతను గట్టిగా దగ్గగలుగుతున్నాడంటే గాలి లోపలికీ బయటికీ ఆడుతున్నట్టే. అలాంటప్పుడు చేయాల్సింది చాలా తక్కువ. కొంచెం ముందుకు వంగమని చెప్పి దగ్గనివ్వండి, పక్కనే నిలబడండి. వీపు మీద కొట్టొద్దు. ఆ దగ్గును మించిన మందు లేదు, మన దెబ్బలు దానికి అడ్డమే.

భయపడాల్సింది చప్పుడు ఆగిపోయినప్పుడు. గాలి దారి పూర్తిగా మూసుకుపోయిన మనిషి అరవలేడు, పిలవలేడు. చేతులు గొంతు దగ్గరకు పోతాయి, కళ్లు పెద్దవవుతాయి, నోరు తెరిచినా మాట రాదు, కాసేపటికి పెదవులు నల్లబడతాయి. ఇంకో సంగతి గుర్తుపెట్టుకోండి. చాలామంది నలుగురిలో ఎందుకని సిగ్గుపడి, చప్పుడు లేకుండా లేచి చేతులు కడుక్కునే వైపు వెళ్లిపోతారు. విస్తరిలో సగం అన్నం వదిలేసి, గొంతు పట్టుకుని ఎవరైనా లేస్తే మీరు వెంట వెళ్లాలి. అక్కడ ఒంటరిగా పడిపోతే, తర్వాత చూసినవాళ్లు గుండెపోటు అనుకుంటారు. 1963లో అమెరికాలో ఒక వైద్యుడు ఇలాంటి మరణాల గురించే రాశాడు. హోటల్లో భోజనం చేస్తూ కుప్పకూలినవాళ్లకు గుండె ఆగిందనుకున్నారు, పోస్టుమార్టంలో చూస్తే గొంతులో మాంసం ముక్క ఉంది.

ఒక పెద్దాయన్ని ఊహించుకుందాం. డెబ్బై ఏళ్లుంటాయి, కట్టుడు పళ్లు. మటన్ ముక్క సరిగా నమలకుండానే, పక్కాయన వేసిన జోకుకు నవ్వాడు. అంతే, నోట మాట లేదు. మీరు వడ్డిస్తున్న గిన్నె కింద పెట్టి, ఎదురుగా నిలబడి అడగండి: "పెద్దాయనా, గొంతులో అడ్డం పడిందా? మాట్లాడగలరా?" గుండెపోటు వచ్చిన మనిషి సాధారణంగా రెండు మాటలైనా చెప్పగలడు. ఈయన తల మాత్రమే ఊపాడంటే మీకు జవాబు దొరికినట్టే. ఒకర్ని 108కి ఫోన్ చేయమనండి. ఇంకొకరు గ్లాసుతో నీళ్లు పట్టుకొస్తారు, వద్దనండి. దారి మూసుకున్న గొంతులో నీళ్లు పోస్తే అవి అక్కడే నిలుస్తాయి.

ముందు వీపు దెబ్బలు. ఆయనకు ఒక పక్కగా, కొంచెం వెనక నిలబడండి. ఒక చెయ్యి ఛాతీ మీద ఆనించి, ఆయన్ని నడుము దగ్గర నుంచి బాగా ముందుకు వంచండి. నిటారుగా ఉన్న మనిషిని కొడితే ముక్క ఇంకా లోపలికి జారే ప్రమాదం ఉంది. రెండో చేతి అరచెయ్యిలో, మణికట్టును ఆనుకుని ఉండే గట్టి భాగంతో, రెండు రెక్క ఎముకల మధ్య గట్టిగా కొట్టండి. ఐదు దెబ్బలు. మనవాళ్లు వీపు నిమిరినట్టు తడుతుంటారు, దానివల్ల లాభం లేదు. ప్రతి దెబ్బా ముక్కను కదిలించడానికే కొట్టాలి, ప్రతి దెబ్బ తర్వాతా అది బయటపడిందా అని చూడాలి. రెండో దెబ్బకే వస్తే మిగతా మూడూ అక్కర్లేదు.

ఐదుకూ రాలేదనుకోండి, అప్పుడు పొట్ట నొక్కడం. 1974లో హెన్రీ హైమ్లిక్ అనే సర్జన్ చెప్పిన పద్ధతి ఇది. ఊపిరితిత్తుల్లో ఎంతో కొంత గాలి మిగిలే ఉంటుంది. పొట్టను లోపలికీ పైకీ ఒక్కసారి నొక్కితే, ఊపిరితిత్తుల కింది కండరం పైకి లేచి ఆ గాలిని బయటికి తోస్తుంది, గాలి ముక్కను తోస్తుంది. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ఒకప్పుడు పెద్దవాళ్లకు పొట్ట నొక్కడమే చెప్పేది. 2025 మార్గదర్శకాల్లో ఐదు వీపు దెబ్బలు, తర్వాత ఐదు పొట్ట నొక్కులు అని మార్చింది. యూరప్‌లో చాలాకాలంగా చెబుతున్నదీ ఇదే. కాబట్టి పాత వీడియోలు చూసి కంగారు పడకండి.

ఆయన వెనకకు వెళ్లండి. మీ ఒక కాలు ఆయన రెండు కాళ్ల మధ్య పెట్టండి, ఎందుకో కాసేపట్లో చెబుతాను. రెండు చేతులూ నడుము చుట్టూ పోనిచ్చి బొడ్డు ఎక్కడుందో తడిమి చూసుకోండి. పంచె కట్టు, బెల్టు సరిగ్గా అక్కడే ఉంటాయి. వాటికి పైన, రొమ్ము ఎముక కొసకు బాగా కింద పిడికిలి పెట్టాలి, బొటనవేలి వైపు పొట్టకు ఆనాలి. రెండో చేత్తో ఆ పిడికిలిని పట్టుకుని ఒక్కసారిగా లోపలికి, పైకి లాగండి. పక్కటెముకల మీద చేతులు బిగించకండి, అవి విరుగుతాయి. ఇదీ ఐదుసార్లే. రాకపోతే మళ్లీ ఐదు వీపు దెబ్బలు, మళ్లీ ఐదు నొక్కులు. ముక్క వచ్చేదాకా, లేదా ఆయన స్పృహ తప్పేదాకా ఇలాగే.

గర్భిణులకు పొట్ట నొక్కకూడదు. బాగా లావుగా ఉండి మీ చేతులు చుట్టూ అందకపోయినా అంతే. వాళ్లకు వెనక నుంచే పిడికిలిని రొమ్ము ఎముక మధ్యలో పెట్టి నేరుగా వెనక్కి లాగాలి. ఆడవాళ్లను అలా పట్టుకోవడానికి మగపిల్లలకు మొహమాటం ఉంటుంది, నాకు తెలుసు. "అమ్మా, ముక్క బయటికి రావడానికి నొక్కుతున్నాను" అని పైకే అనండి, చుట్టుపక్కలవాళ్లకూ అర్థమవుతుంది. పక్కనే చేయగల ఆడమనిషి ఉంటే సరే, లేదంటే వెతుక్కుంటూ కూర్చోవద్దు.

ఇప్పుడు కాలి సంగతి. గాలి అందకపోతే మనిషి ఒకటి రెండు నిమిషాల్లోనే స్పృహ తప్పవచ్చు. అప్పుడు ఆయన బరువంతా మీ మీద పడుతుంది. మధ్యలో కాలుంటే తొడ మీదుగా మెల్లగా జార్చి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టగలరు, తల నేలకు కొట్టుకోదు.

పడిపోయాక వీపు దెబ్బలు, పొట్ట నొక్కడాలు ఆపేయండి. వెంటనే సీపీఆర్, అంటే ఛాతీ నొక్కుతూ మధ్యమధ్య నోటితో గాలి ఊదడం, మొదలుపెట్టాలి. నాడి చూస్తూ సమయం పోగొట్టొద్దు. 108కి ఇంకా ఎవరూ చేయకపోతే ఫోన్ స్పీకర్‌లో పెట్టి పక్కన ఉంచుకోండి. ఛాతీ మధ్యలో రెండు చేతులూ ఒకదాని మీద ఒకటి వేసి, మోచేతులు వంచకుండా, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతుకు, నిమిషానికి 100 నుంచి 120 చొప్పున 30 సార్లు నొక్కండి. ఈ నొక్కులు రెండు పనులు చేస్తాయి, రక్తాన్ని నడిపిస్తాయి, ఛాతీలో ఒత్తిడి పెంచి ముక్కనూ తోస్తాయి. ఇందాక కదలని ముక్క ఇప్పుడు వదులయ్యే అవకాశం కూడా ఉంది.

30 అయ్యాక నోరు తెరిచి చూడండి. ముక్క కంటికి కనిపిస్తే వేళ్లతో తీసేయండి, ఊడిన కట్టుడు పళ్లు కూడా. కనిపించకపోతే వేలు పెట్టి కెలకొద్దు, సరిగ్గా ఇక్కడే చాలామంది ముక్కను ఇంకా లోతుకు నెట్టేస్తారు. తల వెనక్కి వంచి, గడ్డం ఎత్తి, ముక్కు మూసి రెండుసార్లు ఊదండి. మొదటి ఊదుకు ఛాతీ లేవకపోతే తల సరిచేసి ఇంకోసారి ఊదండి. అయినా లేవకపోతే గాలి పోవడం లేదన్నమాట, వెంటనే మళ్లీ 30 నొక్కులు. ఊదడం రాకపోతే నొక్కడం ఒక్కటైనా ఆపకుండా చేయండి. రెండేసి నిమిషాలకు మనిషి మారండి, అలసిపోయిన చేతులు లోతుగా నొక్కలేవు.

ముక్క బయటపడి ఆయన లేచి కూర్చుని "ఏం లేదు బాబూ, బాగానే ఉంది" అంటే సరే అని వదిలేయకండి. పొట్ట నొక్కినా, ఛాతీ నొక్కినా లోపల అవయవాలకు దెబ్బ తగిలి ఉండవచ్చు, అది పైకి కనిపించదు. ముక్కలో కొంత ఊపిరితిత్తుల్లోకి దిగి ఉండొచ్చు కూడా. దగ్గు తగ్గకపోవడం, మింగడం కష్టం కావడం, ఇంకా ఏదో అడ్డుగా ఉన్నట్టు అనిపించడం దానికి గుర్తులు. ఆ రోజే ఆస్పత్రికి పంపండి. వెంట వెళ్లేవాళ్లకు రెండు మాటలు చెప్పి పంపండి: ఏం తింటుండగా అడ్డం పడింది, పొట్ట నొక్కారా లేదా. డాక్టరు మొదట అడిగేవి అవే.