మొదటి వారంలో తగ్గింది కొవ్వా, నీళ్లా?

"అన్నా, లో కార్బ్ మొదలుపెట్టిన మొదటి వారంలోనే 3 కిలోలు తగ్గాను. రెండో వారం అర కిలో కూడా తగ్గలేదు. నేనేమైనా తప్పు చేస్తున్నానా?"

లేదమ్మా, తప్పేం లేదు. ఆ 3 కిలోల్లో కొవ్వు అర కిలోకి కాస్త అటూ ఇటూ ఉంటుంది. మిగతాదంతా దాదాపు నీళ్లే.

మనం తిన్న పిండిపదార్థాల్లో కొంత భాగాన్ని శరీరం గ్లైకోజెన్ రూపంలో దాచుకుంటుంది. కాలేయంలో సుమారు 100 గ్రాములు, కండరాల్లో 400 గ్రాముల దాకా ఉంటుంది. కానీ అది పొడిగా ఉండదు. ఒక్కో గ్రాము గ్లైకోజెన్ తనతో పాటు దాదాపు 3 గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది. కార్బ్స్ తగ్గించగానే శరీరం ఆ నిల్వను వాడుకుంటుంది, పట్టుకున్న నీళ్లు మూత్రంలో వెళ్లిపోతాయి.

దీనికి ఉప్పు కూడా తోడవుతుంది. కార్బ్స్ తగ్గితే ఇన్సులిన్ తగ్గుతుంది. ఇన్సులిన్ తగ్గితే కిడ్నీలు సోడియాన్ని ఎక్కువగా బయటికి పంపేస్తాయి, సోడియం వెంట నీళ్లూ పోతాయి. మొదటి రోజుల్లో మాటిమాటికీ బాత్రూమ్‌కి వెళ్లాల్సి రావడం, లేచి నిలబడితే కళ్లు తిరగడం అందుకే.

ఇప్పుడు మీ 3 కిలోల లెక్క చూద్దాం. రోజుకి 600 కేలరీలు తక్కువ తిన్నారనుకోండి, వారానికి 4,200. ఒక కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కేలరీల లోటు కావాలి. అంటే కరిగిన కొవ్వు మహా అయితే 550 గ్రాములు. గ్లైకోజెన్ ఒక 350 గ్రాములు ఖర్చయితే, దాని నీటితో కలిపి 1,400 గ్రాములు. మిగిలిన కిలో ఉప్పుతో పోయిన నీళ్లు, పేగుల్లో తగ్గిన తిండి బరువు. ఇవి ఉజ్జాయింపు అంకెలే, మనిషిని బట్టి మారతాయి.

రెండో వారానికి ఆ నీళ్లు పోవడం అయిపోతుంది. ఇక తగ్గేది కొవ్వే, అది నెమ్మదిగానే తగ్గుతుంది. అదీ కాక ఒంట్లో నీళ్లు రోజూ కాస్త పెరుగుతూ తగ్గుతూ ఉంటాయి కాబట్టి, తగ్గిన ఆ కొద్ది కొవ్వు కూడా మెషీన్ మీద కనపడకపోవచ్చు.

చాలామంది మనసు విరిగిపోయేది ఇంకో చోట. ఒక పెళ్లికో ఫంక్షన్‌కో వెళ్లి మామూలుగా తింటారు, రెండు రోజుల్లో 2 కిలోలు పెరుగుతారు. "అంతా పాడైపోయింది" అని డైట్ మానేస్తారు. నిజంగా 2 కిలోల కొవ్వు చేరాలంటే ఖర్చు చేసిన దానికి మించి 15,000 కేలరీలు తినాలి. రెండు రోజుల్లో అంత తినడం దాదాపు ఎవరి వల్లా కాదు. గ్లైకోజెన్ మళ్లీ నిండింది, నీళ్లు తిరిగొచ్చాయి, అంతే.

అందుకే మొదటి రోజు బరువుతో కాదు, రెండో వారం చివరి బరువుతో పోల్చుకోండి. రోజూ పొద్దున్నే చూసుకుని వారం సగటు తీయండి, నడుము చుట్టుకొలత కూడా రాసుకోండి.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తాను. బీపీ మాత్రలు, మూత్రం ఎక్కువగా వచ్చే మాత్రలు, షుగర్‌కి ఇన్సులిన్ లేదా మాత్రలు వాడేవాళ్లు డాక్టర్‌ని అడగకుండా ఈ డైట్ మొదలుపెట్టొద్దు. నీళ్లు, ఉప్పు పోతున్నప్పుడు పాత డోసే వేసుకుంటే బీపీ మరీ పడిపోవచ్చు. కార్బ్స్ తగ్గించి ఇన్సులిన్ తగ్గించకపోతే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు.