నలభై ఒక్కసార్లు పోయిన చెప్పులు

అందరికీ నమస్కారం. నేను డాక్టర్ని కాదు, సైకాలజీ ఏ కాలేజీలోనూ చదవలేదు. బీమా ఆఫీసులో ముప్ఫై ఏళ్లు క్లెయిముల కాగితాలు చూసి రిటైరయ్యాను. ఇంకో పని కూడా చేశాను, 2004 నుంచి 2023 దాకా వచ్చిన కలలు రాసుకున్నాను. మొత్తం 612. ఇప్పటికీ రాస్తున్నాను గానీ లెక్క వేసింది అంతవరకే. నన్ను పిలిచింది కూడా అందుకే అనుకుంటాను.

మనకి కల అంటే ఒక్క కలే. మా అమ్మమ్మ దగ్గర అన్నిటికీ జవాబులుండేవి. పన్ను ఊడినట్టు కలొస్తే ఇంట్లో ఎవరికో కీడు, పాము కనిపిస్తే ఒక మాట, అదే పాము కరిస్తే ఇంకో మాట. తెల్లారగట్ల వచ్చిన కలైతే నిజమవుతుందని టెన్షన్ వేరే. ఇందులో చిక్కేమిటంటే ఒక్క కలకి ఎవరు ఏ అర్థం చెప్పినా కాదనడానికి ఆధారం ఉండదు. నేను రాయడం మొదలుపెట్టిన కొత్తలో ఇలాగే ప్రతి కల కిందా ఒక అర్థం రాసేదాన్ని. ఇప్పుడు చదివితే సిగ్గేస్తుంది, ఆ వారం ఏ మూడ్‌లో ఉంటే ఆ అర్థమే రాశాను.

కలల్ని వరసగా చదవడం అంటే ఏమిటో నాకు అర్థమైంది ఒక టోపీ వల్ల. ఆ సంగతి చెప్తాను.

వోల్ఫ్‌గాంగ్ పౌలీ పేరు ఫిజిక్స్ చదివినవాళ్లకి తెలుస్తుంది. న్యూట్రినో అనే కణం ఉండి తీరాలని 1930లోనే ఊహించినాయన, 1945లో నోబెల్ వచ్చింది. ఆ 1930 నాటికి మాత్రం మనిషి బాగా చితికిపోయి ఉన్నాడు. తల్లి 1927లో ఆత్మహత్య చేసుకుంది, పెళ్లి ఏడాదికే విడాకులైపోయింది, తాగుడు ఎక్కువైంది. జూరిక్‌లోనే ఉన్న మానసిక వైద్యుడు కార్ల్ యుంగ్ దగ్గరికి వెళ్లాడు. యుంగ్ తను చూడకుండా ఎర్నా రోజెన్‌బౌమ్ అనే, ఆ వృత్తిలో అప్పుడప్పుడే అడుగుపెట్టిన ఆవిడ దగ్గరికి పంపించాడు. కారణం విచిత్రంగా ఉంటుంది. నేను కలగజేసుకుంటే కలలు నా మాటలే వల్లిస్తాయి, నాకు కావలసింది కల్తీ లేని సరుకు అని. పౌలీ కలలు రాస్తూ పోయాడు. యుంగ్ పరిశీలించింది మొదటి 400, దాదాపు పది నెలల్లో వచ్చినవి. అందులో 355 వచ్చేనాటికి పౌలీకి యుంగ్‌తో ముఖాముఖి లేదు. పేరు చెప్పకుండా వీటి గురించి యుంగ్ 1935లో ఉపన్యాసమిచ్చాడు, 1944లో పుస్తకంలో వేశాడు, ఇంగ్లీషులో అది సైకాలజీ అండ్ ఆల్కెమీ.

మొట్టమొదటి కల ఒక్క ముక్కే. ఏదో పార్టీకి వెళ్లాడు, తిరిగి వచ్చేటప్పుడు తన టోపీ బదులు వేరేవాళ్ల టోపీ పెట్టుకున్నాడు. అంతే. దీనికి మీరేం చెప్తారు? పరధ్యానం అనొచ్చు, వేరేవాళ్ల హోదా మీద ఆశ అనొచ్చు, మా అమ్మమ్మయితే తలకి ఏదో గండం అనేది. ఏదైనా సరిపోతుంది. తర్వాత చాలా కలలు గడిచిపోతాయి, వాటిల్లో సముద్రం ఊరి మీదికి వస్తుంది, పాము చుట్టూ గుండ్రంగా తిరుగుతుంది, గుండ్రటి ఆకారాలు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. ఆ గుండ్రాల వరస మధ్యలో ఎక్కడో ఇంకో చిన్న కల: ఒక నటుడు తన టోపీ తీసి గోడకేసి కొడతాడు, గోడ మీద అది చువ్వలున్న బండి చక్రంలా కనిపిస్తుంది.

ఇక్కడ యుంగ్ వెనక్కి తిరిగి మొదటి కలని చదువుతాడు. ఆ టోపీయే ఇది. ఇన్నాళ్లూ మనిషి తన గురించి తానే ఒక వేషం కట్టుకుని తిరుగుతున్నాడు, అందుకే తన అసలు మనిషి తనకే పరాయివాడిలా, ఎవరిదో టోపీలా అనిపించాడు, ఇప్పుడు ఆ వేషగాడే టోపీ విసిరేస్తే అది అసలు ఆకారం చూపించింది అంటాడు. మీరు దీన్ని ఒప్పుకున్నా సరే, లేకపోయినా సరే. నాకు నచ్చింది ఆ అర్థం కాదు, అక్కడికి వెళ్లిన దారి. టోపీకి అర్థం ఏ నిఘంటువులోంచో తేలేదు, అదే మనిషి కన్న ఇంకో కలలోంచి తెచ్చాడు. ఒక మాట మనకి తెలియకపోతే ముందు వెనక వాక్యాలు చూసి పోల్చుకుంటాం కదా, సరిగ్గా అదే పద్ధతి.

ఇక యుంగ్ చేసిన దాంట్లో లొసుగు కూడా చెప్పాలి, క్లెయిముల ఆఫీసులో పనిచేసినదాన్ని కాబట్టి ఊరుకోలేను. 400 కలల్లోంచి గుండ్రాల కలలని 59 విడిగా తీసి వరస పేర్చాడు. గుండ్రంగా ఉన్నవి ఏరుకుని, చూశారా అంతా గుండ్రం వైపే పోతోంది అంటే ఎలా? మిగతావాటిలో ఏముందో ఆ వరసలో మనకి కనిపించదు. పాలసీదారు తనకి అనుకూలమైన బిల్లులే పట్టుకొచ్చినట్టు.

ఈ లొసుగుని పూడ్చింది అమెరికాలో కాల్విన్ హాల్ అనే సైకాలజిస్టు. ఆయన పద్ధతిలో అర్థాలు చెప్పరు, లెక్కపెడతారు. డొరోతియా అనే మారుపేరుతో ఒకావిడ కలలు ఉన్నాయి, 1912లో 25వ ఏట మొదలుపెట్టి 1965లో 78వ ఏడు దాకా రాసింది, సుమారు 900. వాటిని లెక్కపెడితే అయిదింట ఒక కలలో తిండి, ఆరింట ఒక కలలో ఏదో వస్తువు పోవడం, పదింట ఒక దాంట్లో వాళ్లమ్మ. యాభై ఏళ్లలో ఈ పాళ్లు పెద్దగా మారలేదు. అంటే ఏళ్లతరబడి రాస్తే తప్పకుండా ఏదో ఎదుగుదల కనబడుతుందని అనుకోకండి, ఎక్కువ భాగం మనం మారం. నా కలల నోట్‌బుక్కులు చదివినప్పుడు ఈ రెంటినీ, టోపీనీ డొరోతియానీ, చెరో పక్కన పెట్టుకున్నాను.

నేను ఎలా రాశానంటే, లాంగ్ నోట్‌బుక్ ఎడమ పేజీలో కల, కుడి పేజీలో ముందురోజు జరిగింది రెండు ముక్కలు. తేదీ తప్పనిసరి. లేచి కాఫీ పెట్టాక రాద్దామనుకుంటే సగం పోతుంది, మిగతా సగం మనం కథలాగా అతికించేస్తాం, అందుకని మంచం మీదే రాయాలి. వెనక పేజీల్లో చిట్టా ఉంటుంది. ఇల్లు, నీళ్లు, బస్సు, మనుషుల పేర్లు, ఒక్కోదాని కింద కల నంబర్లు. అర్థం రాయడం 2006లో మానేశాను. వంద కలలు పోగయ్యేదాకా వెనక్కి తిరిగి చదవకూడదని కూడా పెట్టుకున్నాను, ఎందుకంటే చదివితే ఆ వారం అవే కలలొస్తాయి, నాకు రెండుసార్లు అలా అయింది.

ఆ చిట్టాలో బాగా లావెక్కిన పేరు చెప్పులు. 612లో 41. గుడి బయటో, పెళ్లి మండపం బయటో వదిలిన చెప్పులు తిరిగొచ్చేసరికి ఉండవు. 2005లో ఒక కల యథాతథంగా చదువుతాను: "సత్రం మెట్లు. భోజనాలయ్యాయి, చేతికి పప్పు వాసన. చెప్పులు లేవు. గేటు దగ్గర అన్నయ్య స్కూటర్ ఆపకుండా నిలబడ్డాడు. ఎంతసేపు అంటున్నాడు. అన్నీ ఎడమ కాలి చెప్పులే." 2019లో ఇంకోటి: "గుడి దగ్గర చెప్పుల స్టాండులో నేనే కూర్చున్నాను. టోకెన్లు ఇస్తున్నాను. ఒకాయన టోకెన్ పోయిందన్నాడు. పర్లేదు, చూపించండి ఏవో అన్నాను."

ఈ రెండూ పక్కపక్కన పెట్టుకున్న రోజు నాకు ఎంత సంబరమో! పోగొట్టుకున్న మనిషి కాస్తా అందరివీ కాపలా కాసే మనిషైంది, నాకూ ఒక టోపీ దొరికింది అనుకున్నాను. నాలుగు రోజులు తల ఎత్తుకుని తిరిగాను.

తర్వాత అనుమానమొచ్చింది. 41 కలలూ విడివిడి చీటీల మీద తేదీలు లేకుండా కాపీ చేసి, కలిపేసి, మా అక్క కూతురికిచ్చి, ఏది ముందో ఏది వెనకో పేర్చమ్మా అన్నాను. ఆ పిల్ల నా టోకెన్ల కలని ముందు నుంచి ఆరోదిగా పెట్టింది. ఎందుకే అంటే, "పిన్నీ, దీని తర్వాత మళ్లీ చెప్పులు పోతూనే ఉన్నాయి కదా" అంది. చూస్తే నిజమే, 2019 తర్వాత కూడా అయిదుసార్లు పోయాయి, అవి నేను మర్చిపోయాను. ఏడాదికి ఎన్నిసార్లు అని గీసి చూస్తే ఇరవై ఏళ్లూ ఇంచుమించు ఒకటే పాళ్లు. అచ్చం డొరోతియాలాగే.

అయితే అదే పిల్ల ఇంకో మాట అంది. పేర్చేటప్పుడు మామయ్య, అంటే మా అన్నయ్య, ఉన్న చీటీలన్నీ ఒకవైపు పెట్టానంది. అన్నయ్య నా దృష్టిలో పక్క వేషం, చిట్టాలో కూడా సరిగ్గా ఎక్కించలేదు. తేదీలు వేసి లెక్కపెట్టాను. మొదటి 20 కలల్లో, అంటే 2012 దాకా, గేటు దగ్గర తొందరపెడుతూ ఆయన 15 సార్లు ఉన్నాడు. తర్వాతి 21లో నాలుగుసార్లే. అది కూడా రాత్రికి రాత్రి పోలేదు. ముందు తిట్టడం పోయింది, తర్వాత స్కూటర్ ఒక్కటే ఉంది, మనిషి లేడు, ఆ తర్వాత గేటు మాత్రం ఉంది.

మెలకువలో మా అన్నయ్య నన్ను పల్లెత్తు మాట అన్న మనిషి కాదు. నాన్న పోయాక ఇల్లంతా ఆయనే మోశాడు. నేను జీతం తెచ్చి ఆయన చేతిలో పెట్టేదాన్ని, ఆయన అడగలేదు, నేను ఇచ్చాను. 2009లో సొంతంగా ఫ్లాట్ కొనుక్కున్నప్పుడు ఆ అలవాటు ఆగింది. కుడి పేజీలు చూస్తే ఆ ఏడు దాని గురించి ఒక్క గొడవా రాయలేదు, బాధా రాయలేదు, మామూలుగా జరిగిపోయిందనే నా నమ్మకం. కలల్లో ఆయన గేటు దగ్గర్నుంచి కదలడానికి ఇంకో మూడేళ్లు పట్టింది. ఫ్లాట్ వల్లే కదిలాడని నేను అనను, 41 కలలు అలాంటి మాటకి చాలవు. ఈ లెక్కలు చేసేవాళ్లు మనిషికి కనీసం వంద కలలైనా లేనిదే పాళ్లు నమ్మరు, నావి 612 ఉన్నా చెప్పులవి 41 మాత్రమే. పైగా ఎక్కించడం మర్చిపోయిన పేర్లు ఇంకెన్నున్నాయో. ఇప్పుడు 612 కలల చిట్టా మళ్లీ మొదట్నుంచి రాస్తున్నాను, ఈసారి వస్తువులు కాకుండా ఎవరు ఎక్కడ నిలబడ్డారు అని. 140వ కల దగ్గరున్నాను.

అన్నయ్యకి ఇదంతా చెప్పాను. ఆయన విని, "స్కూటర్ ఏ రంగుదే?" అన్నాడు. రాసుకోలేదు.