మినహాయింపుల పేజీలో ‘మొదటి’ అన్న మాట ఎందుకు రాయాలి?

“కెమిస్ట్రీ నోట్స్‌లో ఉన్న ఎక్సెప్షన్స్ అన్నీ ఏరి ఒక పేజీలో రాసుకున్నాను. అయినా పరీక్షలో అవే తప్పు పోతున్నాయి. ఎందుకు?”

ఆ పేజీలో బహుశా ‘నైట్రోజన్ > ఆక్సిజన్’ అని మాత్రమే ఉండి ఉంటుంది. ఏ విషయంలో ఎక్కువ, ఎందుకు ఎక్కువ అన్నది నోట్స్‌లోనే ఉండిపోయింది.

పీరియడ్‌లో ఎడమ నుంచి కుడికి పోతుంటే అయనీకరణ శక్తి పెరుగుతూ రావాలి, అది నియమం. కానీ మొదటి అయనీకరణ శక్తి నైట్రోజన్‌కి మోల్‌కి 1402 కిలోజౌల్స్ అయితే, ఆక్సిజన్‌కి 1314 మాత్రమే. నైట్రోజన్‌లో 2p ఆర్బిటాళ్లు మూడింట్లోనూ ఒక్కో ఎలక్ట్రాన్ ఉంటుంది. ఆక్సిజన్‌లో నాలుగో ఎలక్ట్రాన్ జత కట్టాలి, జతలోని రెండూ ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, అందుకే అది తేలిగ్గా ఊడొస్తుంది.

ఇప్పుడు పరీక్షలో ‘రెండో అయనీకరణ శక్తి దేనికి ఎక్కువ?’ అని అడిగారనుకోండి. పేజీని నమ్ముకున్నవాళ్లు నైట్రోజన్ అని పెట్టేస్తారు. జవాబు ఆక్సిజన్. ఒక ఎలక్ట్రాన్ పోయాక O⁺ లో 2p³ మిగులుతుంది, సగం నిండిన స్థితి ఇప్పుడు దానిది. విలువలు కూడా ఆక్సిజన్‌కి 3388, నైట్రోజన్‌కి 2856. ‘మొదటి’ అన్న ఒక్క మాట రాయకపోవడం వల్ల మార్కు పోయింది.

అందుకే ఒక్కో మినహాయింపుకి ఒక పంక్తిలో నాలుగు విషయాలు రాయండి: నియమం, తప్పేది ఎవరు, కారణం, అది ఎక్కడ వర్తించదు. నాలుగోది చాలామంది వదిలేస్తారు, నా దృష్టిలో అసలు విలువ దానిదే.

ఫ్లోరిన్‌ని తీసుకోండి. ఎలక్ట్రాన్‌ని చేర్చుకున్నప్పుడు వెలువడే శక్తి క్లోరిన్‌కి 349, ఫ్లోరిన్‌కి 328. బంధ శక్తిలోనూ F₂ కంటే Cl₂ దే ఎక్కువ. రెంటికీ కారణం ఒకటే: ఫ్లోరిన్ పరమాణువు మరీ చిన్నది, ఎలక్ట్రాన్లు ఇరుకులో పడి వికర్షించుకుంటాయి. కాబట్టి ఈ రెండూ ఒకే కారణం కింద పక్కపక్కన ఉండాలి, వేర్వేరు పాఠాల్లో వచ్చినా సరే. ఇక నాలుగో గడిలో రాయాల్సింది: రుణవిద్యుదాత్మకతలోనూ, ఆక్సీకరణ సామర్థ్యంలోనూ ఫ్లోరినే ముందు. F₂ బంధం తేలిగ్గా తెగుతుంది, F⁻ నీటిలో హైడ్రేట్ అయినప్పుడు చాలా శక్తి వస్తుంది, ఆ రెండూ కలిసి లోటు పూడ్చేస్తాయి.

ఏరేటప్పుడు ‘కానీ’, ‘తప్ప’, ‘అసాధారణ’ లాంటి మాటల దగ్గర ఆగుతాం కదా, అది చాలదు. పట్టికల్లో, గ్రాఫుల్లో దాక్కున్న వాటికి ఆ మాటలేవీ ఉండవు. మరిగే ఉష్ణోగ్రతల పట్టికలో HCl 189, HBr 206, HI 238 కెల్విన్ అని వరసగా పెరుగుతుంటాయి, HF దగ్గర మాత్రం 293 ఉంటుంది. పట్టిక కనబడిన ప్రతిసారీ అంకెల మీద వేలు పెట్టి జరపండి, వరస ఎక్కడ విరిగిందో అక్కడ పెన్సిల్‌తో గుర్తు పెట్టి, హైడ్రోజన్ బంధం అన్న కారణం కింద NH₃, H₂O పక్కన దీన్నీ చేర్చండి.